వాలు తలం మీద ఘర్షణ లెక్కలు: ఫ్రీ బాడీ డయాగ్రామ్ నుంచి జవాబు దాకా

తొమ్మిదో తరగతి నుంచి ఇంటర్ ఫస్టియర్ దాకా పిల్లలూ, ఇంట్లో వాళ్ల చేత లెక్కలు చేయించే పెద్దవాళ్లూ మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్న ఒకటుంది: వాలు తలం మీద ఘర్షణ బాణం పైకి వేయాలా, కిందికి వేయాలా? దాని వెనకే ఇంకోటి వస్తుంది. f = μN అని రాస్తే ఒక్కోసారి జవాబు సరిపోతుంది, ఒక్కోసారి సరిపోదు, ఎందుకని?

రెండింటికీ కారణం ఒకటే. ఘర్షణ ఎటు ఉంటుందో, ఎంత ఉంటుందో లెక్క మొదట్లోనే తెలియదు. మిగతా బలాలన్నీ వేసి, పెట్టె ఎటు జారాలని చూస్తోందో తెలుసుకున్నాకే ఘర్షణ సంగతి తేలుతుంది. ఈ వరస తప్పితే సమీకరణాలు ఎంత శుభ్రంగా రాసినా జవాబు రాదు.

అందుకని ఒకే పెట్టెని పట్టుకుని, వర్క్‌షీట్‌లో మామూలుగా వచ్చే ప్రశ్నలన్నీ దాని మీదే చేద్దాం. పెట్టె ద్రవ్యరాశి 4 కేజీలు. వాలు కోణం 37°. స్థైతిక ఘర్షణ గుణకం μs = 0.5, జారుడు ఘర్షణ గుణకం μk = 0.4. g ని 10 m/s² అనుకుందాం. sin 37° సుమారు 0.6, cos 37° సుమారు 0.8. అంకెలు తేలిక కాబట్టి మనసంతా బలాల మీద పెట్టొచ్చు.

## 1. గీసే ముందు ప్రశ్న చదవడం

ఈ ప్రశ్నల్లో మామూలు మాటల్లా కనిపించేవే అసలు డేటా. వీటి కింద గీత గీసుకోండి:

- 'నునుపైన తలం' అంటే ఘర్షణ బాణమే ఉండదు.
- 'సమవేగంతో జారుతోంది' అంటే త్వరణం సున్నా, కానీ ఘర్షణ మాత్రం జారుడు ఘర్షణే.
- 'జారడానికి సిద్ధంగా ఉంది' అంటే స్థైతిక ఘర్షణ తన గరిష్ఠ విలువకి చేరింది. f = μsN అని ధైర్యంగా రాయగలిగేది ఈ సందర్భంలోనే.
- 'విరామ స్థితిలో ఉంది' అని మాత్రమే ఉంటే f = μsN అని రాయకూడదు. f విలువ ఎంతో మనమే కనుక్కోవాలి.
- ఒక్క μ మాత్రమే ఇస్తే రెండు రకాల ఘర్షణకీ అదే వాడమని అర్థం.

ఇంకో చిన్న జాగ్రత్త. వాలుని 45° దగ్గర్లో గీయకండి. అలా గీస్తే mg sin θ, mg cos θ బాణాలు రెండూ ఒకే పొడవులో వస్తాయి, ఒకదాని బదులు ఇంకోటి రాసినా కంటికి దొరకదు. లెక్కలో ఎంత కోణం ఇచ్చినా బొమ్మలో 25°, 30° మధ్య గీస్తే అడుగున ఉన్న కోణం చిన్నదని వెంటనే తెలుస్తుంది.

## 2. పెట్టెని విడదీసి గీయడం

వాలు బొమ్మ ఒకటి, ఫ్రీ బాడీ డయాగ్రామ్ ఒకటి, రెండూ వేరువేరుగా ఉండాలి. వాలు మీద ఉన్న పెట్టె మీదే బాణాలన్నీ గీస్తే, వాలు మీద పనిచేసే బలాలు కూడా అందులోకి దూరిపోతాయి. పక్కన ఒక చుక్క పెట్టి దాన్నే పెట్టె అనుకుని, ఈ వరసలో గీయండి.

మొదట భారం mg. ఇది నిలువుగా కిందికి, పేజీ అడుగు వైపుకి. వాలుకి లంబంగా గీయడం చాలామంది చేసే తప్పు. వాలు ఎంత వంగినా భూమి లాగేది నిట్టనిలువుగానే.

తర్వాత పెట్టె అంచు చుట్టూ వేలు తిప్పుతూ దాన్ని ఏమేం తాకుతున్నాయో చూడండి. వాలు తలం తాకుతోంది, కాబట్టి వాలుకి లంబంగా బయటికి అభిలంబ బలం N. చెయ్యి తాకితే తోపు P, తాడు కట్టి ఉంటే టెన్షన్ T. తాకనిది ఏదీ తోయలేదు, లాగలేదు. భూమి ఆకర్షణ ఒక్కటే ఈ లెక్కల్లో దీనికి మినహాయింపు.

ఘర్షణ f కూడా తలం తాకడం వల్ల వచ్చేదే, కానీ దాని బాణం ఇప్పుడే వేయొద్దు. వాలు వెంట చుక్కల గీత ఒకటి గీసి, ప్రశ్నార్థకం పెట్టి వదిలేయండి.

ఫ్రీ బాడీ డయాగ్రామ్‌లో ఉండకూడనివి:

- 'ma' అనే బాణం. అది బలం కాదు, బలాలన్నీ కలిస్తే వచ్చిన ఫలితం. సమీకరణంలో కుడి వైపున రాయాలి.
- 'జారే బలం', 'కదిలే బలం' లాంటివి. ఏ బాణానికైనా 'దీన్ని ఎవరు ఇస్తున్నారు?' అని అడగండి. జవాబు లేకపోతే కొట్టేయండి.
- mg గీసి, దాని పక్కనే mg sin θ, mg cos θ కూడా నిండు గీతలతో గీయడం. అలా చేస్తే భారాన్ని రెండుసార్లు లెక్కేసినట్టు. అంశాలని చుక్కల గీతలతోనే గీయండి.

మూడో నియమం గురించి ఇక్కడే ఒక మాట. mg, N రెండూ చర్య, ప్రతిచర్య అని రాసేవాళ్లు చాలామంది. సమతలం మీద రెండూ సమానంగా, ఎదురెదురుగా ఉంటాయి కాబట్టి అలా అనిపిస్తుంది. వాలు మీద చూడండి: mg విలువ 40 న్యూటన్‌లు, N విలువ 32 న్యూటన్‌లు, పైగా అవి ఎదురెదురుగా కూడా లేవు. mg కి ప్రతిచర్య పెట్టె భూమిని పైకి లాగడం. N కి ప్రతిచర్య పెట్టె వాలుని నొక్కడం. జంటలో రెండో బలం ఎప్పుడూ రెండో వస్తువు మీదే ఉంటుంది, అందుకే ఒకే డయాగ్రామ్‌లో ఆ జంట రెండూ కనిపించవు.

## 3. అక్షాలు తిప్పి, భారాన్ని విడగొట్టడం

x అక్షం వాలు వెంట, y అక్షం వాలుకి లంబంగా తీసుకోండి. పెట్టె కదిలితే వాలు వెంటే కదులుతుంది కాబట్టి త్వరణం అంతా ఒకే సమీకరణంలోకి వచ్చేస్తుంది, y వైపు త్వరణం ఎప్పుడూ సున్నా. అక్షాల్ని మామూలుగా ఉంచినా జవాబు వస్తుంది, కాకపోతే N, f రెండింటినీ విడగొట్టాలి, త్వరణాన్ని కూడా విడగొట్టాలి. అంత శ్రమ అక్కర్లేదు.

ఇప్పుడు mg ని విడగొడితే వాలు వెంట కిందికి mg sin θ, వాలు లోపలికి mg cos θ. ఏది sin, ఏది cos అని అనుమానం వస్తే త్రిభుజాలతో కుస్తీ పట్టకండి. వాలుని పూర్తిగా పడుకోబెట్టినట్టు ఊహించుకోండి, θ = 0. పెట్టె జారదు, కాబట్టి వాలు వెంట లాగే అంశం సున్నా కావాలి. sin 0 మాత్రమే సున్నా. వాలు వెంట ఉన్నది mg sin θ అని తేలిపోయింది.

మన పెట్టెకి:

mg = 40 న్యూటన్‌లు
mg sin θ = 40 × 0.6 = 24 న్యూటన్‌లు
mg cos θ = 40 × 0.8 = 32 న్యూటన్‌లు

ఒక షరతు. కోణాన్ని క్షితిజ సమాంతర రేఖ నుంచి కొలిచారా, నిలువు గీత నుంచి కొలిచారా అన్నది బొమ్మలో చూసుకోండి. నిలువు నుంచి ఇస్తే ముందు 90° లోంచి తీసేయాలి.

## 4. ముందు y సమీకరణం

x వైపు ఎంత ఆత్రంగా ఉన్నా y ముందు రాయండి. ఘర్షణ హద్దు N మీద ఆధారపడుతుంది కాబట్టి N తెలియకుండా ముందుకెళ్లలేం.

N − mg cos θ = 0, కాబట్టి N = 32 న్యూటన్‌లు.

ఇది సూత్రం కాదు, ఈ పెట్టెకి ఈ సందర్భంలో వచ్చిన ఫలితం. y వైపు ఇంకో బలం చేరిన క్షణమే N మారిపోతుంది. N = mg cos θ అని బట్టీ పట్టిన వాళ్లు ఆరో మెట్టులో ఇరుక్కునేది అందుకే.

స్థైతిక ఘర్షణ గరిష్ఠ విలువ = μsN = 0.5 × 32 = 16 న్యూటన్‌లు
జారుడు ఘర్షణ = μkN = 0.4 × 32 = 12.8 న్యూటన్‌లు

ఈ రెండు అంకెల్నీ పేజీ పక్కన రాసి పెట్టుకోండి. సమీకరణంలో ఇప్పుడే పెట్టకండి.

## 5. ఘర్షణని తేల్చడం

ఇదే ఈ వర్క్‌షీట్ మొత్తానికీ ఆయువుపట్టు, కాబట్టి ఇక్కడ నెమ్మదిగా వెళ్దాం. చేయాల్సినవి మూడు పనులు:

- ఘర్షణ లేదనుకుని, వాలు వెంట ఉన్న మిగతా బలాల్ని కూడండి. ఫలితం ఎటు ఉంటే పెట్టె అటు జారాలని చూస్తోంది.
- ఘర్షణ బాణాన్ని దానికి ఎదురుగా వేయండి.
- ఆ ఫలితాన్ని గరిష్ఠ విలువతో పోల్చండి. గరిష్ఠం కంటే తక్కువైతే, లేదా సరిగ్గా సమానమైతే, పెట్టె కదలదు. ఘర్షణ ఆ ఫలితానికి సమానం. ఎక్కువైతే పెట్టె కదులుతుంది. అప్పుడు μkN వాడి త్వరణం కట్టండి.

ఇది నిలిచి ఉన్న పెట్టెకి. అప్పటికే కదులుతున్న పెట్టె అయితే పోల్చే పని లేదు, ఘర్షణ కదలికకి ఎదురుగా, విలువ μkN.

ఎవరూ తోయకుండా వదిలేస్తే: వాలు వెంట కిందికి 24. గరిష్ఠ ఘర్షణ 16 మాత్రమే, ఆపలేదు. పెట్టె జారుతుంది, ఘర్షణ పైకి, విలువ 12.8.

24 − 12.8 = 4a, కాబట్టి a = 2.8 m/s², వాలు వెంట కిందికి.

వాలు వెంట పైకి 20 న్యూటన్‌లతో తోస్తే: 24 − 20 = 4, కిందికి. 16 కంటే తక్కువ, కాబట్టి పెట్టె కదలదు. ఘర్షణ పైకి, విలువ 4 న్యూటన్‌లు. ఇక్కడే ఎక్కువమంది 16 అని రాస్తారు. నిజంగా ఘర్షణ 16 ఉండి ఉంటే పైకి మొత్తం 36, కిందికి 24 అయ్యి, నిలిచి ఉన్న పెట్టెని ఘర్షణే పైకి నడిపించినట్టు అవుతుంది. ఘర్షణ ఆ పని చేయదు, అవసరమైనంత మేరకే అడ్డుపడుతుంది.

30 న్యూటన్‌లతో తోస్తే: ఇప్పుడు 30 − 24 = 6, పైకి. పెట్టె పైకి వెళ్లాలని చూస్తోంది, కాబట్టి ఘర్షణ కిందికి, విలువ 6 న్యూటన్‌లు. పెట్టె ఇంకా కదల్లేదు. పెట్టె అదే, వాలు అదే, తోపు పది న్యూటన్‌లు పెరిగిందంతే, ఘర్షణ దిశ తిరగబడింది. 'వాలు మీద ఘర్షణ ఎప్పుడూ పైకే' అని గుర్తుపెట్టుకున్న వాళ్లు ఈ ప్రశ్నలో మార్కులు పోగొట్టుకుంటారు. మధ్యలో సరిగ్గా 24 తో తోస్తే ఘర్షణ సున్నా, గరుకు తలమే అయినా.

50 న్యూటన్‌లతో తోస్తే: 50 − 24 = 26, పైకి. 16 దాటింది. పెట్టె పైకి కదులుతుంది, ఘర్షణ కిందికి 12.8.

50 − 24 − 12.8 = 4a, కాబట్టి a = 3.3 m/s², పైకి.

వీటన్నిటినీ కలిపి చూస్తే ఒక మంచి విషయం బయటపడుతుంది. తోపు 24 − 16 = 8 న్యూటన్‌ల నుంచి 24 + 16 = 40 న్యూటన్‌ల దాకా ఎంతున్నా పెట్టె కదలదు. 'పెట్టె కదలకుండా ఉండటానికి కావలసిన కనిష్ఠ బలం, గరిష్ఠ బలం కనుక్కోండి' అనే ప్రశ్న ఇదే. కనిష్ఠం దగ్గర పెట్టె కిందికి జారబోతుంది, ఘర్షణ పైకి. గరిష్ఠం దగ్గర పైకి జారబోతుంది, ఘర్షణ కిందికి. రెండింటికీ రెండు డయాగ్రామ్‌లు గీయాలి.

దిశ తప్పుగా అనుకుని మొదలుపెట్టినా కంగారు పడక్కర్లేదు, పెట్టె నిలిచి ఉన్నంతవరకు. f విలువ మైనస్‌లో వస్తుంది, బాణం తిప్పేస్తే సరి. పెట్టె కదులుతుంటే మాత్రం ఈ వెసులుబాటు లేదు. దిశ తప్పయితే త్వరణం విలువే తప్పుతుంది, గుర్తు మార్చి సరిచేయలేం.

## 6. అడ్డంగా తోసినప్పుడు

అదే 20 న్యూటన్‌లు, కానీ వాలు వెంట కాదు, నేలకి సమాంతరంగా పెట్టె మీదికి తోస్తున్నారు. ఈ బలాన్నీ విడగొట్టాలి. వాలు పడుకున్నప్పుడు, అంటే θ = 0 అయినప్పుడు, ఈ బలమంతా తలం వెంటే ఉంటుంది, కాబట్టి వాలు వెంట అంశం cos తో వస్తుంది:

వాలు వెంట పైకి: 20 × 0.8 = 16 న్యూటన్‌లు
వాలు లోపలికి: 20 × 0.6 = 12 న్యూటన్‌లు

ఈసారి y సమీకరణం: N − 32 − 12 = 0, కాబట్టి N = 44 న్యూటన్‌లు. గరిష్ఠ స్థైతిక ఘర్షణ 0.5 × 44 = 22 అయింది.

x వైపు 24 − 16 = 8, కిందికి. 22 లోపే ఉంది. పెట్టె కదలదు, ఘర్షణ పైకి 8 న్యూటన్‌లు. వాలు వెంట తోసినప్పుడు 4 సరిపోయింది, ఇప్పుడు 8 కావలసి వచ్చింది, ఎందుకంటే తోపులో కొంత భాగం పెట్టెని వాలుకి నొక్కడానికే పోయింది. అయితే ఆ నొక్కడం వల్లే ఘర్షణ హద్దు కూడా 16 నుంచి 22 కి పెరిగింది.

తాడుతో వాలు నుంచి కొంచెం పైకెత్తి లాగే ప్రశ్నల్లో దీనికి వ్యతిరేకం జరుగుతుంది. లాగే బలంలో లంబ అంశం బయటికి ఉంటుంది, N తగ్గుతుంది, హద్దూ తగ్గుతుంది.

## 7. పైకి నెట్టి వదిలేసిన పెట్టె

పెట్టెని వాలు వెంట పైకి సెకనుకి 4.6 మీటర్ల వేగంతో నెట్టి వదిలేశారు. ఎంత దూరం పోతుంది, తిరిగొచ్చేటప్పుడు వేగం ఎంత?

చెయ్యి వదిలేసింది కాబట్టి చేతి బలం డయాగ్రామ్‌లో ఉండదు. పైకి వెళ్తోంది కదా అని పైకి ఒక బాణం గీయాలనిపిస్తుంది, గీయొద్దు. పెట్టె దగ్గర ఉన్నది వేగం, బలం కాదు.

పైకి వెళ్లేటప్పుడు: ఘర్షణ కిందికి. 24 + 12.8 = 36.8, కాబట్టి త్వరణం కిందికి 9.2 m/s². వేగం సున్నా కావడానికి 0.5 సెకను పడుతుంది. దూరం = 4.6² ÷ (2 × 9.2) = 1.15 మీటర్లు.

పైన ఆగిన క్షణం: ఇక్కడ ఆగి ఆలోచించాలి. పెట్టె ఇప్పుడు నిలిచి ఉంది, కాబట్టి ఐదో మెట్టులోని పోలిక మళ్లీ చేయాలి. 24 > 16, కాబట్టి తిరిగి జారుతుంది. μs విలువ 0.75 లేదా అంతకంటే ఎక్కువ ఉండి ఉంటే అక్కడే ఉండిపోయేది, ఎందుకంటే tan 37° = 0.75. 'తిరిగి వస్తుందా?' అని అడిగిన చోట ఈ పోలిక చూపించకపోతే జవాబు సగమే.

కిందికి వచ్చేటప్పుడు: ఘర్షణ పైకి తిరిగింది. త్వరణం 2.8 m/s². v² = 2 × 2.8 × 1.15 = 6.44, కాబట్టి వేగం సుమారు 2.54 m/s. పట్టే సమయం సుమారు 0.9 సెకను.

రెండు దారులకీ రెండు డయాగ్రామ్‌లు, రెండు త్వరణాలు. ఒకే త్వరణంతో రెండూ చేసేస్తే పెట్టె 4.6 తోనే తిరిగొస్తుంది, అంటే ఘర్షణ శక్తినేమీ తీసుకోనట్టు. సరిచూసుకోవాలంటే: మొదటి గతిజశక్తి 42.32 జౌళ్లు, చివరిది 12.88, తేడా 29.44. ఘర్షణ 12.8 న్యూటన్‌లని రానూపోనూ దూరం 2.3 మీటర్లతో గుణిస్తే అదే 29.44.

## 8. తాడు, కప్పీ ఉన్నప్పుడు

వాలు పైన కప్పీ, దాని మీదుగా తాడు, తాడు చివర 6 కేజీల రాయి వేలాడుతోంది. తాడు, కప్పీ బరువులేనివి, కప్పీలో ఘర్షణ లేదు అనుకుందాం. రెండు వస్తువులు కాబట్టి రెండు డయాగ్రామ్‌లు. రెండింటిలోనూ అదే T.

ముందు దిశ: రాయి లాగేది 60, పెట్టె కిందికి లాగేది 24, తేడా 36, 16 దాటింది. పెట్టె పైకి వెళ్తుంది, ఘర్షణ కిందికి 12.8.

పెట్టెకి: T − 24 − 12.8 = 4a
రాయికి: 60 − T = 6a

కూడితే 23.2 = 10a, a = 2.32 m/s². T = 60 − 13.92 = 46.08 న్యూటన్‌లు.

T = 60 అని నేరుగా రాసేయడం ఇక్కడి పెద్ద తప్పు. T రాయి భారానికి సమానం కావాలంటే రాయికి త్వరణం ఉండకూడదు. అదే రాయి 3 కేజీలదైతే 30 − 24 = 6, కాబట్టి ఏదీ కదలదు, అప్పుడు T నిజంగానే 30, ఘర్షణ కిందికి 6 న్యూటన్‌లు.

## 9. జవాబు చూసి తప్పు పట్టుకోవడం

లెక్క పూర్తయ్యాక జవాబు అనుమానంగా ఉంటే ఎక్కడ వెతకాలో ఇది చెబుతుంది:

- జారే పెట్టె త్వరణం g sin θ కంటే ఎక్కువ వచ్చిందా? మన వాలుకి g sin θ = 6. ఎవరూ తోయకుండా కిందికి జారే పెట్టెకి 6 దాటితే ఘర్షణ బాణం తిరగబడింది.
- నిలిచి ఉన్న పెట్టెని వదిలితే త్వరణం మైనస్‌లో వచ్చిందా? అది కదులుతుందో లేదో పోల్చకుండా μkN పెట్టేశారు. ఐదో మెట్టుకి వెనక్కి వెళ్లండి.
- N విలువ mg కంటే ఎక్కువ వచ్చిందా? పెట్టెని వాలుకి నొక్కే బలం ఏదైనా ఉందా చూడండి. లేకపోతే y సమీకరణంలో గుర్తు తప్పి ఉండొచ్చు.
- N మైనస్‌లో వచ్చిందా? పెట్టె తలాన్ని వదిలేసి లేచిపోయిందని అర్థం. లాగే బలం అంత పెద్దది కాకపోతే y సమీకరణంలో గుర్తులు సరిచూడండి.
- తోపు, తాడు ఏమీ లేని ప్రశ్నలో త్వరణంలో ద్రవ్యరాశి మిగిలిపోయిందా? a = g(sin θ − μk cos θ) లో m ఉండదు. మిగిలిందంటే ఎక్కడో ఒక పదంలో m రాయడం మరిచిపోయారు.
- నిలిచి ఉన్న పెట్టె మీద ఘర్షణ 16 అని రాశారా? x వైపు బలాలన్నీ కూడండి. సున్నా రాకపోతే ఆ 16 తప్పు.